కంపెనీకి ఒక్క పేజీ ప్రపోజల్: మా హైస్కూలు నీళ్ళ గురించి ఎలా రాయాలి?

వెలిగండ్ల కుర్రాడు | 2 జులై 2024, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లా, వెలిగండ్ల మండలంలో ఒక పల్లె. కనిగిరి చుట్టుపక్కల బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంత ఉంటుందో ఇక్కడ చాలామందికి తెలుసు. నేను చదివిన హైస్కూల్లో ఇప్పుడు 212 మంది పిల్లలున్నారు. జిల్లాలో పనులు చేస్తున్న ఒక కంపెనీ తన సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టే సీఎస్ఆర్ నిధుల కోసం ప్రపోజల్స్ అడిగింది. సమస్య, పద్ధతి, ఖర్చు, వచ్చే ఫలితం, ఈ నాలుగూ ఒకే పేజీలో ఉండాలట. పేజీ దాటితే చదవరట. గడువు ఈ నెల 20.

నేను రాసింది ఇది:

"మా మండలంలో ఫ్లోరైడ్ సమస్య దశాబ్దాలుగా ప్రజలను పీడిస్తోంది. మా హైస్కూలుకు మంచి ఆర్వో ప్లాంటు లేకపోవడం ప్రధాన సమస్య. కావున గంటకు 500 లీటర్ల కొత్త ఆర్వో ప్లాంటు ఏర్పాటు చేయగలరు. అంచనా ఖర్చు రూ. 4,80,000. దీనివల్ల పిల్లలు ఫ్లోరోసిస్ బారి నుంచి బయటపడి ఆరోగ్యంగా చదువుకుంటారు."

ఇది అర పేజీ కూడా రాలేదు. మిగతా పేజీ ఏంతో నింపాలి? ఫొటోలు పెట్టనా? ఇంతకుముందు ఇలాంటిది ఎప్పుడూ రాయలేదు, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

బీటెక్ నెల్లూరు | 2 జులై, 10:15

బ్రో, మా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు ఇచ్చిన ఫార్మాట్ నా దగ్గర ఉంది. అబ్‌స్ట్రాక్ట్, ఇంట్రడక్షన్, లిటరేచర్ సర్వే, మెథడాలజీ, ఫ్యూచర్ స్కోప్ వరసగా రాస్తే గైడ్ వెంటనే ఓకే చేస్తారు. కావాలంటే పంపిస్తా.

వెలిగండ్ల కుర్రాడు | 2 జులై, 10:22

థాంక్స్ తమ్ముడూ, కానీ ఇది కాలేజీ ప్రాజెక్టు కాదు. కంపెనీ డబ్బు ఇవ్వాలి, ఊళ్ళో పని జరగాలి.

ఒంగోలు పద్మ | 3 జులై, ఉదయం 7:05

బాబూ, నేను ఒంగోలులో ఒక ట్రస్టులో పద్నాలుగేళ్ళు ఇలాంటి కాగితాలే చదివాను. ఏది ముందుకు పంపాలో, ఏది పక్కన పెట్టాలో నిర్ణయించడం నా పని. పేజీ నింపడం గురించి ఇప్పుడు ఆలోచించకు. ముందు రెండో వాక్యం చూడు.

"మంచి ఆర్వో ప్లాంటు లేకపోవడం సమస్య" అని రాశావు. నువ్వు కొనాలనుకున్న వస్తువు లేకపోవడాన్నే సమస్య అన్నావు. ఇలా రాస్తే చదివేవాడికి ఆలోచించడానికి ఏమీ మిగలదు. ప్లాంటు లేదు, ప్లాంటు ఇవ్వండి అని అడిగినట్టు ఉంటుంది. వాడి బల్ల మీద అలాంటివి ఇంకో ముప్ఫై ఉంటాయి. పిల్లల నోటికి ఈ రోజు ఏ నీళ్ళు చేరుతున్నాయి, ఎన్ని లీటర్లు, అందులో ఫ్లోరైడ్ ఎంత? సమస్య అంటే అదీ.

ఇంకో మాట. "మంచి" ప్లాంటు లేదన్నావు. అంటే పాతది ఉందా?

వెలిగండ్ల కుర్రాడు | 3 జులై, 8:30

ఉందక్కా. 2020లో పెట్టారు, గంటకు 250 లీటర్లది. పేరుకు నడుస్తోంది గానీ నీళ్ళు సన్నగా వస్తాయి. అందుకే కొత్తది అడుగుదామని అనుకున్నాం.

ఒంగోలు పద్మ | 3 జులై, 8:52

ఈ విషయం నీ కాగితంలో లేదు. కంపెనీ మనిషి స్కూలుకు వచ్చి ఆ గది తలుపు తీస్తే మొదట కనిపించేది ఆ ప్లాంటే. అప్పుడు నీ పేజీలో మిగతాదంతా నిజమైనా నమ్మడు. పాతది ఎందుకు పాడైందో తెలుసుకో. ఆ కారణం తెలియకుండా కొత్తది పెడితే నాలుగేళ్ళకు అదీ అలాగే అవుతుంది.

కందుకూరు మాస్టారు | 3 జులై, 11:10

నేను భౌతిక రసాయన శాస్త్రాలు చెప్పి రిటైరైనవాణ్ణి. పద్మ గారి ప్రశ్నలకు జవాబు దొరకాలంటే రేపు స్కూల్లో మూడు పనులు చెయ్యి.

ఒకటి. 20 లీటర్ల క్యాను పెట్టి, ప్లాంటు నీళ్ళతో నిండడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో గడియారం చూసి రాసుకో. గంటకు 250 లీటర్ల ప్లాంటు బాగుంటే అయిదు నిమిషాల లోపే నిండాలి.

రెండు. రెండు సీసాల్లో నీళ్ళు పట్టు, బోరు నుంచి ఒకటి, ప్లాంటు నుంచి ఒకటి. గాజు సీసాలు కాదు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలు. సీసా మీద తేదీ, ఏ కుళాయి అన్నది రాసి గ్రామీణ నీటి సరఫరా శాఖ వాళ్ళ ఆర్‌డబ్ల్యూఎస్ ల్యాబ్‌లో ఇవ్వు. టెక్నీషియన్ జేబులో ఉండే టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను కొలవదు, నీళ్ళలో కరిగిన లవణాలన్నీ కలిపి ఒక అంకె చూపిస్తుంది అంతే. "120 వచ్చింది, నీళ్ళు బ్రహ్మాండం" అంటే ఫ్లోరైడ్ సంగతి తేలినట్టు కాదు.

మూడోది చాలామందికి తట్టదు. మధ్యాహ్న భోజనం ఏ నీళ్ళతో వండుతున్నారో చూడు. బియ్యం, పప్పు ఉడికేటప్పుడు పీల్చుకునే నీళ్ళు కూడా పిల్లల కడుపులోకే పోతాయి. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరై, మిగిలిన వాటిలో ఇంకా చిక్కబడుతుంది.

రొయ్యల చెరువు | 3 జులై, మధ్యాహ్నం 1:20

మాది ఇందుకూరుపేట వైపు. ఏరేటర్లకు లోను కోసం బ్యాంకుకు వెళ్తే ప్రాజెక్టు రిపోర్టు నలభై పేజీలు చేయించమన్నారు. మూడేళ్ళ ఆదాయం అంచనా, మార్జిన్ మనీ, చెరువు లీజు కాగితాలు అన్నీ జతచేశాం. ఒక్క పేజీ చూసి డబ్బు ఇస్తారంటే నాకు నమ్మకం కుదరడం లేదు. అన్ని వివరాలూ రాసి పంపించండి, తర్వాత అడిగించుకునే అవసరం ఉండదు.

ఒంగోలు పద్మ | 3 జులై, 2:05

అన్నా, బ్యాంకుకు అప్పు తిరిగి రావాలి, కాబట్టి మీ ఆదాయం అంతా చూపించమంటుంది. ఇక్కడ తిరిగి రావాల్సిన డబ్బంటూ లేదు. ఒక్క పేజీతో సంతకం పెట్టి చెక్కు కూడా ఇవ్వరు. ఆ పేజీ చూసి "వీళ్ళతో మాట్లాడదాం, స్కూలు చూసొద్దాం" అని నిర్ణయిస్తారు, అంతవరకే. ల్యాబ్ రిపోర్టు, కొటేషన్లు, తల్లిదండ్రుల కమిటీ తీర్మానం కాపీ సిద్ధంగా ఉంచుకుని, అడిగినప్పుడు ఇవ్వాలి.

పామూరు బోరు | 3 జులై, రాత్రి 8:45

నేను పదేళ్ళుగా బోర్లు, మోటార్లు, ప్లాంట్ల పని చేస్తున్నా. 250 ప్లాంటు రిపేరు చేయించడం దండగ. ఏకంగా 1,000 లీటర్ల ప్లాంటుకు రాయండి. పిల్లలకు పోను మిగిలింది ఊరివాళ్ళకు క్యాను 5 రూపాయలకు అమ్మండి. రోజుకు వంద క్యాన్లు పోతే 500. ఆ డబ్బుతో నీళ్ళను వడగట్టే మెంబ్రేన్లు మార్చుకోవచ్చు, కంపెనీని మళ్ళీ అడగక్కర్లేదు. ప్లాంట్లు ఎందుకు మూలపడతాయంటే నడిపే డబ్బు ఉండదు కాబట్టి. ఈ మాట ఎవరూ కాగితం మీద రాయరు.

వెలిగండ్ల కుర్రాడు | 9 జులై, సాయంత్రం 6:15

ఆలస్యమైనందుకు క్షమించండి, ల్యాబ్ రిపోర్టు ఈ రోజే చేతికి వచ్చింది.

20 లీటర్ల క్యాను నిండడానికి 22 నిమిషాలు పట్టింది. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 3.4 మిల్లీగ్రాములు, టీడీఎస్ 1,850. ప్లాంటు నుంచి వచ్చిన "మంచి నీళ్ళ"లో కూడా ఫ్లోరైడ్ 1.6 ఉంది, టీడీఎస్ 880. ఇది చూసి గుండె జారిపోయింది. ఇన్నాళ్ళూ పిల్లలు కనీసం ఆ కాసిన్ని నీళ్ళైనా మంచివి తాగుతున్నారు అనుకున్నాం.

ప్లాంటు రోజుకు మూడు గంటలు నడుపుతున్నారు. ఆ మూడు గంటల్లో వచ్చేది 160 లీటర్లు. అవి అయిపోయాక పిల్లలు బోరు కుళాయి దగ్గరికే వెళ్తున్నారు. వంట మొత్తం బోరు నీళ్ళతోనే. వంట చేసే అత్తను అడిగితే "ఆ సన్నటి ధారకు డేగిశా ఎప్పుడు నిండాలి నాయనా" అంది.

కందుకూరు మాస్టారు | 9 జులై, 7:30

మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. మీ ప్లాంటు నీళ్ళు దాన్ని కూడా దాటాయి.

ధార సన్నబడటం, బయటికి వచ్చే నీళ్ళలో లవణాలు పెరగడం, రెండూ కలిసి కనిపిస్తే మెంబ్రేన్ పోయినట్టే. మీ నీళ్ళు బాగా కఠినమైనవి. మెంబ్రేన్ మీద సున్నం పొర కట్టి ఉంటుంది. పొర కట్టకుండా కలిపే మందు, అదే యాంటీస్కేలెంట్, దానికి డోసింగ్ పంపు ఉందా? వేసవి సెలవుల్లో ప్లాంటును ఎవరైనా అప్పుడప్పుడు నడిపారా?

వెలిగండ్ల కుర్రాడు | 9 జులై, 8:10

డోసింగ్ పంపు అసలు లేదు సార్. సెలవుల్లో తాళం వేసేస్తారు. ఏప్రిల్ చివర ఆపితే మళ్ళీ జూన్‌లోనే. మెంబ్రేన్ 2020 నుంచి మార్చలేదని హెడ్‌మాస్టరు గారు చెప్పారు. మార్చడానికి ఏ పద్దు కింద డబ్బు తియ్యాలో ఎవరికీ తెలియలేదట.

ఒంగోలు పద్మ | 9 జులై, 9:00

ఇప్పుడు నీకు సమస్య దొరికింది. నాలుగు భాగాలూ ఒకే అంకె చుట్టూ తిరగాలి. ఆ అంకె ఏమిటో మనం లెక్కేద్దాం. తాగడానికి పిల్లకు లీటరున్నర, వంటకు రెండు లీటర్లు అనుకుందాం. 212 మందికి దగ్గర దగ్గర 750 లీటర్లు. గంటకు 250 లీటర్ల ప్లాంటు మూడు గంటలు సరిగ్గా నడిస్తే వచ్చేది అంతే. అంటే మీకు ఉన్న ప్లాంటే సరిపోతుంది. కొత్తది అడగడానికి కారణం లేదు.

సమస్యలో "రోజుకు 750 లీటర్లు కావాలి, వస్తున్నది 160, అవీ సురక్షితం కాదు" అని రాస్తే, ఫలితంలో "రోజుకు 750 లీటర్లు, ఫ్లోరైడ్ 1 లోపు" అని రాయాలి. మొదట్లో ఏం కొలిచామో చివర్లో కూడా అదే కొలవాలి. మొదట లీటర్ల గురించి చెప్పి చివర ఆరోగ్యం, చదువు అని ముగించిన కాగితాలు నేను చాలా చూశాను. ఏడాది తర్వాత పని జరిగిందా లేదా అని వాటిని బట్టి ఎవరూ చెప్పలేరు.

పద్ధతికీ ఖర్చుకూ మధ్య కూడా అంతే పొత్తు ఉండాలి. పద్ధతిలో రాసిన ప్రతి పనికీ పట్టికలో ఒక వరస. పట్టికలో ఉన్న ప్రతి వరసకీ పద్ధతిలో ఒక వాక్యం. నేనైతే పెన్సిలుతో రెండింటినీ గీతలు గీసి కలిపేదాన్ని. జత లేకుండా మిగిలిపోయిన వరస దగ్గరే నా ప్రశ్న ఉండేది. "ఇతరములు 25,000" అన్నది ఎప్పుడూ ఒంటరిగానే మిగిలేది.

పామూరు బోరు | 9 జులై, 9:40

మరి నడిపే డబ్బు సంగతి? నేను చెప్పిందే మళ్ళీ చెప్తున్నా, నీళ్ళు అమ్మకపోతే రెండేళ్ళకు ఇదే కథ.

ఒంగోలు పద్మ | 10 జులై, ఉదయం 6:50

ప్లాంట్లు మూలపడేది నడిపే డబ్బు లేకే అన్న మీ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. వీళ్ళ ప్లాంటుకూ జరిగింది అదే. అందుకే ఆ డబ్బు పేజీలోనే కనబడాలి. కానీ స్కూలు ఆవరణలో నీళ్ళ అమ్మకం పెడితే ప్రపోజల్ మారిపోతుంది. కరెంటు బిల్లు ఎవరిది, వసూలైన డబ్బు ఎవరి ఖాతాలోకి, బడి వేళల్లో బయటివాళ్ళు లోపలికి రావచ్చా, ఇవన్నీ తేలాలి. రోజుకు వంద క్యాన్లంటే ఇంకో రెండు వేల లీటర్లు. జులైలో సరే, మేలో ఆ బోరు అన్ని నీళ్ళు ఇస్తుందా? ఇవన్నీ ఒక్క పేజీలో చెప్పలేం.

పామూరు బోరు | 10 జులై, 7:30

బోరు సంగతి ఒప్పుకుంటా, వేసవిలో అటువైపు నీళ్ళు బాగా దిగిపోతాయి. కానీ కంపెనీ రెండేళ్ళు ఇచ్చి వెళ్ళిపోయాక మూడో ఏడాది ఎవరు ఇస్తారో మీరు చెప్పలేదు.

ఒంగోలు పద్మ | 10 జులై, 7:45

దానికి పూర్తి జవాబు నా దగ్గర లేదండీ. రెండో ఏడాది చివర మార్చాల్సిన మెంబ్రేన్ డబ్బు ఇప్పుడే పక్కన పెట్టించి, నడిపే మనిషి జీతం ఊరే భరిస్తే ఇంకో రెండేళ్ళు గడుస్తుంది. ఆ తర్వాత ఊరు పూనుకోవాల్సిందే.

వెలిగండ్ల కుర్రాడు | 10 జులై, రాత్రి 9:15

మా పదో తరగతి పాత బ్యాచ్ వాళ్ళతో మాట్లాడాను. నడిపే మనిషికి నెలకు వెయ్యి చొప్పున, బడి నడిచే పది నెలలకు రెండేళ్ళపాటు మేమే ఇస్తామన్నారు. అంటే 20,000. సెలవుల్లో వారానికోసారి ప్లాంటును కాసేపు నడపడానికి వాచ్‌మన్ గారు ఒప్పుకున్నారు.

ఇంకో సందేహం అక్కా. డబ్బు ఎవరి ఖాతాకు ఇమ్మని రాయాలి? మా తల్లిదండ్రుల కమిటీకి వేరే రిజిస్ట్రేషన్ ఏమీ లేదు.

ఒంగోలు పద్మ | 10 జులై, 9:50

డబ్బు మీకు వద్దని రాయి. కంపెనీ తన సీఎస్ఆర్ డబ్బును వేరే సంస్థ ద్వారా ఖర్చు పెట్టాలంటే ఆ సంస్థ సీఎస్ఆర్-1 ఫారం నింపి నమోదై ఉండాలి. 2021 ఏప్రిల్ నుంచి ఈ నిబంధన ఉంది. మీ కమిటీకి అది కుదరదు. కానీ కంపెనీ తానే నేరుగా పని చేయించవచ్చు. "పని చేసిన షాపు వారికి, ల్యాబుకు బిల్లు మీరే కట్టండి, పని జరిగిందని హెడ్‌మాస్టరు, కమిటీ సంతకం పెడతారు" అని ఒక్క వాక్యం రాస్తే వాళ్ళకు సగం తలనొప్పి తగ్గుతుంది. కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో సురక్షితమైన తాగునీరు అని స్పష్టంగా ఉంది కాబట్టి ఈ పనికి సీఎస్ఆర్ కింద అర్హత ఉందా అన్న వాదన రాదు.

కావలి డీటీపీ | 11 జులై, 10:30

కావలిలో మాకు డీటీపీ షాపు ఉంది, ఇలాంటి పేజీలు రోజూ చేస్తుంటాను. నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్తా.

పేజీ నిండలేదని మొదట అడిగారు, ఇక మీదట పట్టడం లేదని అడుగుతారు చూడండి. అప్పుడు అక్షరాలు చిన్నవి చెయ్యొద్దు, మార్జిన్లు చంపొద్దు. తెలుగు 12 పాయింట్ల కంటే తగ్గితే వత్తులు, గుణింతాలు కలిసిపోతాయి, ప్రింటు తీస్తే ఇంకా కష్టం. పట్టకపోతే వాక్యాలు తీసెయ్యాలి.

ఎంత డబ్బు, ఎంతమందికి, ఎన్నాళ్ళకు అన్నవి శీర్షిక కింద మొదటి రెండు లైన్లలో రావాలి. మొత్తం ఎంతో పట్టిక అడుగున వెతుక్కునేలా ఉండకూడదు. ఖర్చు పట్టిక ఏడు వరసలు దాటనివ్వకండి, అంకెలు కుడి అంచుకు సమంగా ఉంచండి. ఫొటో పెడితే ఒక్కటి చాలు, అది పిల్లల ముఖాలది కాకుండా క్యాను కింద ఆ సన్నటి ధారదైతే మేలు.

అను ఫాంట్లతో టైపు చేయించి వర్డ్ ఫైలు పంపొద్దు. వాళ్ళ కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌లో టైపు చేసి పీడీఎఫ్ చేసి పంపండి.

వెలిగండ్ల కుర్రాడు | 14 జులై, రాత్రి 10:40

మీరందరూ చెప్పినట్టు మళ్ళీ మొదటి నుంచి రాశాను. కనిగిరిలో రెండు షాపుల్లో కొటేషన్లు తీసుకున్నాను, ధరలు అన్నీ జీఎస్టీతో కలిపి. దయచేసి తప్పులు చెప్పండి.

"212 మంది హైస్కూలు పిల్లలకు తాగడానికి, వంటకు ఫ్లోరైడ్ తగ్గించిన నీరు: రెండేళ్ళకు రూ. 1,10,900

సమస్య. మా పాఠశాలకు రోజుకు 750 లీటర్ల మంచి నీరు కావాలి. 2020లో పెట్టిన ఆర్వో ప్లాంటు మూడు గంటల్లో 160 లీటర్లే ఇస్తోంది. ఈ జులై ల్యాబ్ పరీక్షలో బోరు నీటిలో ఫ్లోరైడ్ 3.4, ప్లాంటు నీటిలో 1.6 మి.గ్రా. ఉన్నట్టు తేలింది. ఉండవలసింది 1 లోపు. మధ్యాహ్న భోజనం పూర్తిగా బోరు నీటితో వండుతున్నారు. నాలుగేళ్ళుగా మెంబ్రేన్ మార్చకపోవడం, సున్నం పొర కట్టకుండా మందు కలిపే ఏర్పాటు లేకపోవడం ఇందుకు కారణాలు.

పద్ధతి. కొత్త ప్లాంటు అక్కర్లేదు. మెంబ్రేన్, ఇసుక, కార్బన్ మారుస్తాం. మందు కలిపే డోసింగ్ పంపు బిగిస్తాం. వంటగదికి విడిగా పైపు వేసి 1,000 లీటర్ల ట్యాంకు పెడతాం. రోజూ ఎన్ని లీటర్లు వచ్చాయో, టీడీఎస్ ఎంతో పుస్తకంలో రాస్తాం. మూడు నెలలకోసారి ల్యాబ్ పరీక్ష, టెక్నీషియన్ తనిఖీ ఉంటాయి. సెలవుల్లో వారానికోసారి ప్లాంటు నడుపుతాం. బిల్లులు కంపెనీ నేరుగా చెల్లించవచ్చు.

ఖర్చు.

| పని | రూ. |
|---|---|
| మెంబ్రేన్, ఇసుక, కార్బన్, బిగింపు కూలి | 31,500 |
| డోసింగ్ పంపు, రెండేళ్ళ మందు | 17,500 |
| వంటగది పైపు, ట్యాంకు | 14,000 |
| మీటర్లు, 8 ల్యాబ్ పరీక్షలు | 14,600 |
| రెండేళ్ళ ఫిల్టర్లు, టెక్నీషియన్ తనిఖీలు | 16,800 |
| రెండో ఏడాది చివర కొత్త మెంబ్రేన్ | 16,500 |
| కోరుతున్నది | 1,10,900 |

నడిపే మనిషికి రెండేళ్ళ జీతం రూ. 20,000 పూర్వ విద్యార్థులు భరిస్తారు. కోరుతున్న మొత్తం పిల్లకు ఏడాదికి సుమారు రూ. 262.

ఫలితం. పని మొదలైన నెలలోపు రోజుకు 750 లీటర్లు, తాగే కుళాయిలోనూ వంటగదిలోనూ ఫ్లోరైడ్ 1 లోపు. పిల్లలు ఫ్లోరోసిస్ నుంచి పూర్తిగా బయటపడతారు."

కందుకూరు మాస్టారు | 15 జులై, ఉదయం 6:20

నాయనా, చివరి వాక్యం తీసెయ్యి. పళ్ళ మీద ఫ్లోరైడ్ గారలు చిగుళ్ళ లోపల పన్ను తయారయ్యే వయసులోనే ఏర్పడతాయి, ముందు పళ్ళకు సుమారు ఎనిమిదేళ్ళ లోపు. హైస్కూలు పిల్లలకు పదకొండు దాటి ఉంటాయి. మీరు ఎంత మంచి నీళ్ళిచ్చినా ఆ గారలు పోవు. రెండేళ్ళ తర్వాత కంపెనీ వాళ్ళు వచ్చి పిల్లల్ని నవ్వమంటే ఏం చెప్తావు? పైగా ఇంటి దగ్గర వాళ్ళు ఏ నీళ్ళు తాగుతున్నారో నీ చేతిలో లేదు. ఇక మీదట బడిలో ఉన్నంతసేపు వాళ్ళ ఒంట్లోకి పోయే ఫ్లోరైడ్ తగ్గుతుంది. నువ్వు నిజాయితీగా ఇవ్వగలిగిన మాట అదొక్కటే.

ఏడాదికోసారి కొంతమంది పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష చేయిస్తే ఆ తగ్గుదల కనబడుతుందేమో అని నాకొక ఆలోచన.

ఒంగోలు పద్మ | 15 జులై, 7:40

మొదటి మాటకు నా పూర్తి మద్దతు మాస్టారూ. మూత్ర పరీక్ష దగ్గర మాత్రం నాకు అభ్యంతరం ఉంది. ఇంటి నీళ్ళ ప్రభావం అందులో కలుస్తుంది, అంకె తగ్గకపోతే బాగా నడుస్తున్న ప్లాంటు మీద నింద పడుతుంది. తల్లిదండ్రుల అనుమతి కూడా కావాలి.

కందుకూరు మాస్టారు | 15 జులై, 8:15

ఇంటి నీళ్ళ వల్ల అంకె తగ్గకపోతే ఆ సంగతి కూడా ఊరికి తెలియాలి కదమ్మా. ఈ పేజీలో వద్దంటే వద్దు, కానీ ఆలోచన మాత్రం వదలను.

ఒంగోలు పద్మ | 15 జులై, 8:30

సరే మాస్టారూ. బాబూ, ఫలితంలో ఇంకొకటి కలుపు. 750 లీటర్లు ఒక్క నెల వచ్చి ఆగిపోతే లాభం లేదు. "బడి నడిచే ప్రతి వంద రోజుల్లో కనీసం 90 రోజులు" అని రాయి. రోజూ రాసే పుస్తకం చూస్తే అది తెలిసిపోతుంది. టీడీఎస్ హఠాత్తుగా పెరిగితే ల్యాబ్ పరీక్ష వరకు ఆగకుండా టెక్నీషియన్‌ను పిలుస్తామని పద్ధతిలో అర వాక్యం కలపవచ్చు. ఆ పుస్తకం రాసేది అందుకే కదా.

పట్టికలో ప్రతి వరసకూ పద్ధతిలో వాక్యం ఉందో లేదో చూశాను. రెండో ఏడాది చివరి మెంబ్రేన్ గురించి పద్ధతిలో లేదు. అది రాయి.

రొయ్యల చెరువు | 15 జులై, 9:10

4,80,000 అడుగుదామనుకున్నవాడివి 1,10,900కి దిగావు. పెద్ద కంపెనీలు చిన్న మొత్తాలను పట్టించుకోవేమో అని నా అనుమానం. ఏదేమైనా ఈ పేజీ చదివితే అన్నీ అర్థమయ్యాయి. నా నలభై పేజీల రిపోర్టు బ్యాంకు మేనేజరు ఎంతవరకు చదివాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒంగోలు పద్మ | 15 జులై, 9:35

అలా అనే కంపెనీలు ఉన్నాయి అన్నా, కాదనను. అప్పుడు ఇదే పద్ధతిలో మండలంలో ఇంకో నాలుగు బడులను కలిపి అడగవచ్చు. ప్రతి బడిలోనూ క్యాను పెట్టి నిమిషాలు లెక్కపెట్టాకే.

వెలిగండ్ల కుర్రాడు | 18 జులై, మధ్యాహ్నం 12:10

అన్నీ సరిచేసి నిన్న పీడీఎఫ్ పంపాను. కావలి అన్న చెప్పిన ధార ఫొటో పట్టలేదు, పెడితే రెండు లైన్లు రెండో పేజీలోకి పోతున్నాయి, తీసేశాను.

ఈ రోజు ఉదయమే కంపెనీ నుంచి ఒక మేడమ్ ఫోన్ చేశారు. పేజీ మొత్తం చదివారు. ఒకే ప్రశ్న అడిగారు: "ప్లాంటు బయటికి వదిలే నీళ్ళు ఎక్కడికి పోతాయి?" ఇప్పుడు గోడ పక్కన గుంటలోకి పోతున్నాయి, గేదెలు వచ్చి తాగుతుంటాయి. కనుక్కుని చెప్తానన్నాను. సోమవారం మళ్ళీ చేస్తామన్నారు.

కందుకూరు మాస్టారు | 18 జులై, 1:00

మంచి ప్రశ్న అడిగింది ఆవిడ, మనలో ఎవరికీ తట్టలేదు. 750 లీటర్లు శుభ్రం కావాలంటే ఇలాంటి చిన్న ప్లాంటు ఇంచుమించు 1,100 లీటర్లు బయటికి వదులుతుంది. తీసేసిన ఫ్లోరైడ్ అంతా అందులోనే ఉంటుంది, లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటుతుంది. గేదెలు తాగకూడదు, కూరగాయల మడికి పెట్టకూడదు. మరుగుదొడ్లలో పోయడానికి వాడవచ్చు. రోజుకు అక్కడ ఎన్ని నీళ్ళు ఖర్చవుతాయి?

పామూరు బోరు | 18 జులై, 1:25

మరుగుదొడ్ల ట్యాంకుకు పైపు కలపడం నాకు వదిలెయ్, కూలి వద్దు, పైపు డబ్బులిస్తే చాలు. కానీ 1,100 మొత్తం అక్కడే అయిపోవు. మిగిలింది ఇంకుడు గుంతలోకి వదిలితే మళ్ళీ బోరులోకే వస్తుందేమో.

వెలిగండ్ల కుర్రాడు | 18 జులై, 1:40

థాంక్స్ అన్నా. మరుగుదొడ్లలో ఎన్ని పోతాయో నాకు తెలియదు మాస్టారూ. రేపు శుక్రవారం పొద్దున బడి మొదలయ్యే వేళకు వెళ్ళి, సాయంత్రం దాకా ఉండి బకెట్లు లెక్కపెట్టి వస్తాను. ఆ అంకె వచ్చాక ఇక్కడ రాస్తా.